పళ్లు చూసి ఆవు, మేక వయసు చెప్పడం: సంతలో కొనేముందు చూసుకోవాల్సినవి

పశువుల సంతలో ఏ ఆవు గురించి అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే. "రెండో ఈతండీ, మహా అయితే మూడో ఈత." ఆరో ఈత ఆవును ఆరో ఈత అని చెప్పి అమ్మేవాళ్లు అరుదు. పుట్టిన తేదీ రాసిపెట్టిన పశువు సంతకు రావడం ఇంకా అరుదు. అందుకే కొనేవాళ్లు పెదవి కిందికి లాగి పళ్లు చూస్తారు. చాలామంది ఎనిమిది పళ్లు లెక్కపెట్టి, సరే అనుకుని పెదవి వదిలేస్తారు. నిజానికి అసలు చూడాల్సింది అక్కడినుంచే మొదలవుతుంది. ఆవుకు నాలుగైదేళ్లు వచ్చేవరకే పళ్ల లెక్క వయసు చెబుతుంది. ఆ తర్వాత వయసు చెప్పేది అరుగుదల. ఐదేళ్ల ఆవుకూ పదేళ్ల ఆవుకూ ఉండేవి ఆ ఎనిమిదే.

నోట్లో ఏముంటుంది

ఆవుకైనా మేకకైనా పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. వాటి స్థానంలో గట్టి చిగురు ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు పైపళ్లు రాలిపోయాయేమోనని కంగారు పడతారు, అక్కర్లేదు. వయసు కట్టేది కింది దవడ ముందున్న ఎనిమిది పళ్లతోనే. వీటిని నాలుగు జతలుగా చూడాలి: మధ్య జత, దాని పక్కన రెండో జత, తర్వాత మూడో జత, అంచున ఉండే కడపళ్లు. దూడకు నెల తిరిగేసరికి ఎనిమిది పాలపళ్లూ ఉంటాయి. తర్వాత ఒక్కో జత రాలి, దాని చోట శాశ్వత పళ్లు వస్తాయి. మార్పు ఎప్పుడూ మధ్య నుంచి అంచులకు సాగుతుంది. సంతలో 'రెండు పళ్లు', 'నాలుగు పళ్లు' అన్నప్పుడు లెక్కపెట్టేది శాశ్వత పళ్లనే, నోట్లో కనిపించే మొత్తం పళ్లను కాదు.

పాలపళ్లు చిన్నవి, సన్నవి, తెల్లగా ఉంటాయి. శాశ్వత పన్ను వాటికి దాదాపు రెట్టింపు వెడల్పుతో, కాస్త పసుపు రంగులో, పారలా పరుచుకుని ఉంటుంది. రెండు పళ్లు వేసిన, ఇంకా ఈనని పడ్డ నోరు చూస్తే ఈ తేడా ఇక మర్చిపోరు. మధ్యలో రెండు వెడల్పాటి పళ్లు, వాటికి అటు మూడు, ఇటు మూడు చిన్న పళ్లు కనిపిస్తాయి. నేర్చుకునేవాళ్లు అలాంటి నోటితో మొదలుపెట్టడం మేలు. ఇంకో సంగతి: ఈ పశువుల ముందు పళ్లు వేలితో నొక్కితే కొద్దిగా కదులుతాయి. అది జబ్బూ కాదు, ముసలితనమూ కాదు. వాటి అమరికే అంత.

పట్టుకోవడం, తెరవడం

నోటి దగ్గరకు వెళ్లేముందు ఒక్క నిమిషం దూరం నుంచి చూడండి. చొంగ తీగలు తీగలుగా కారుతున్నా, మింగలేక ఇబ్బంది పడుతున్నా, గొంతు మారి అదేపనిగా అరుస్తున్నా ఆ నోట్లో చెయ్యి పెట్టొద్దు. గాలికుంటులోనూ చొంగ కారుతుంది, పిచ్చికుక్క కరిచిన పశువుకూ కారుతుంది. రేబిస్ ఉన్న పశువు లాలాజలం మీ చేతి మీది చిన్న గాయానికి తగిలినా ప్రమాదమే.

ఆవు విషయంలో పలుపు యజమాని చేతిలోనే ఉండనివ్వండి. మీరు తలకు ఎదురుగా కాకుండా పక్కన, మెడకు దగ్గరగా నిలబడండి. ఒక చేత్తో ముక్కుపుటాలు లేదా ముకుతాడు పట్టి మూతిని కొంచెం పైకి ఎత్తి, రెండో చేతి బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగండి. ముందు పళ్లు చూడటానికి నోరు బార్లా తెరవాల్సిన పని లేదు. తెరవక తప్పకపోతే, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీగా ఉండే చోట, పెదవి మూల నుంచి వేళ్లు పెట్టాలి. వేళ్లు ఇంకా వెనక్కి పోతే దవడ పళ్ల మధ్య పడి నలుగుతాయి.

మేక తేలిక. దాన్ని మీ రెండు కాళ్ల మధ్య ఉంచుకుని, ఒక అరచేతిని గడ్డం కింద పెట్టి, బొటనవేలితో కింది పెదవి దించండి. రెండో చేతి వేలితో పై పెదవి కాస్త ఎత్తితే సరిపోతుంది. ముక్కు మాత్రం మూయకండి, ఊపిరాడక గింజుకుంటుంది. పళ్లకు ఆకు పసరు, మట్టి అంటుకుని ఉంటే గుడ్డతో తుడిచి వెలుతురు వైపు తిప్పి చూడండి. సాయంత్రం నీడలో పన్ను అంచు అరిగిందో లేదో తెలియదు. ఒక పశువు నోరు చూశాక, ఇంకోదాన్ని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం మీ చేతికే కాదు, ఆ రెండో పశువుకూ మంచిది.

ఆవు: లెక్కతో చెప్పగలిగే వయసు

విదేశీ, సంకర జాతుల్లో మధ్య జత ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య వస్తుంది. రెండో జత రెండు, రెండున్నరేళ్ల మధ్య, మూడో జత మూడేళ్ల ప్రాంతంలో, కడపళ్లు మూడున్నర నుంచి నాలుగున్నరేళ్ల లోపు వస్తాయి. మూపురం ఉన్న జాతుల్లో అన్నీ ఆలస్యం. వాటికి మొదటి జత రెండు, రెండున్నరేళ్లకు మొదలై, నాలుగో జత పూర్తయ్యేసరికి నాలుగున్నర, ఐదేళ్లు పడుతుంది. మేత సరిగా లేకుండా పెరిగిన దూడకు ఇంకొన్ని నెలలు కలుపుకోవాలి. కాబట్టి 'నాలుగు పళ్లు అంటే ఇన్ని నెలలు' అని ఖచ్చితంగా చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఆరు నెలలు అటూ ఇటూ ఉంచుకుని చెప్పడమే సరైన పద్ధతి.

జతలు లెక్కపెట్టి ఊరుకోకుండా, కొత్తగా వస్తున్న పన్ను ఏ దశలో ఉందో చూస్తే ఇంకొంచెం దగ్గరగా చెప్పవచ్చు. మధ్య జత నిండుగా పెరిగి అంచు కాస్త నునుపెక్కింది, రెండో జతలో ఒక పాలపన్ను రాలి, ఆ సందులో చిగురును చీల్చుకుని తెల్లటి కొస కనిపిస్తోంది అనుకోండి. అది రెండు పళ్లు దాటి నాలుగు పళ్లకు వెళ్తున్న పశువు. ఇలాంటి సందు చూసి కొందరు పన్ను విరిగిందని బేరం తగ్గించబోతారు. వేలితో చిగురు నొక్కి చూడండి. పడుచు పశువుకైతే కింద గట్టిగా ఏదో తగులుతుంది, పక్క పళ్లు చిన్న పాలపళ్లుగానో కొత్త వెడల్పు పళ్లుగానో ఉంటాయి. ముసలి పశువు సందులో చిగురు నున్నగా ఉంటుంది, పక్క పళ్ల మెడలు పొడుగ్గా బయటపడి ఉంటాయి.

ఆవు: అరుగుదల చదవడం

ఎనిమిది పళ్లూ వచ్చాక చూపు పన్ను అంచు మీదికి మారాలి. కొత్త పన్ను అంచు పదునుగా ఉంటుంది. దాని వెనక, అంటే నాలుక వైపు, పైనుంచి కిందికి గాడులు కనిపిస్తాయి. మేసే కొద్దీ అంచు అరిగి, పైన చదునైన బల్ల ఏర్పడుతుంది. గాడులు పోతాయి. చదునైన భాగం మధ్యలో గోధుమ రంగు మచ్చ తేలుతుంది. పళ్లు వచ్చిన వరుసలోనే అరుగుతాయి కాబట్టి ఏ జత వరకు చదునైందో చూడాలి.

మోటు లెక్క ఇది: మధ్య జత ఆరేళ్ల ప్రాంతంలో చదునవుతుంది, రెండో జత ఏడింటికి, మూడోది ఎనిమిదికి, కడపళ్లు తొమ్మిది పదికి. పది దాటాక పళ్లు పొట్టివై, గుండ్రటి మోడుల్లా మారి, వాటి మధ్య సందులు పడతాయి. పన్నెండు దాటిన నోట్లో కొన్ని రాలిపోయి కూడా ఉంటాయి. ఈ లెక్కలో ఏడాది తేడా మామూలే. ఇసుక నేలల్లో, గరుకు గడ్డి మేసిన ఆవు పళ్లు వయసుకు మించి అరుగుతాయి. కొట్టంలో మెత్తటి దాణా తిన్న ఆవు పళ్లు వయసు కన్నా కుర్రగా కనిపిస్తాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతంలో పెరిగిన పశువు పళ్ల మీద గోధుమ మచ్చలు, గుంటలు పడి, ఒక్కో పన్ను ఒక్కో తీరుగా అరుగుతుంది. అలాంటి నోరు చూసి వయసు కట్టడం మానేయడమే నయం. ఎడమ, కుడి పక్కలు ఒకేలా అరిగాయా అన్నది మంచి పరీక్ష. వయసు వల్ల వచ్చే అరుగుదల రెండు పక్కలా దాదాపు సమానంగా ఉంటుంది.

అరిగిన మోడు పళ్లను 'ఇంకా పాలపళ్లండీ' అని చూపించడం తరచూ జరిగే మోసం. చిన్నగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు నమ్ముతారు. పాలపన్ను చిగురుకు దగ్గరగా, తెల్లగా ఉంటుంది. అరిగిన శాశ్వత పన్ను పైన చదునుగా, మచ్చతో, రంగు మారి ఉంటుంది, కింద మెడ చిగురు దాటి బయటికొస్తుంది. అనుమానం తీరకపోతే పొదుగు చూడండి. నాలుగైదు ఈతల పొదుగు వేలాడుతుంది, చన్నులు సాగి ఉంటాయి. పాలపళ్ల పడ్డకు అది ఉండదు. అంచు పదునుగా కనిపించేలా పళ్లను ఆకురాయితో రాసే వాళ్లూ ఉన్నారు. రాసిన చోట అడ్డగీతలు కనిపిస్తాయి, అంచు ఎత్తు అన్ని పళ్లకూ ఒకేలా, గీత గీసినట్టు ఉంటుంది. అసలైన నోట్లో మధ్య జతకూ కడపళ్లకూ అరుగుదలలో తేడా ఎప్పుడూ ఉంటుంది.

కొమ్ము వలయాలు రెండో సాక్ష్యం మాత్రమే. మొదటి వలయం మొదటి చూడి కాలంలో పడుతుందని, వలయాల సంఖ్యకు రెండు కలపాలని పాత లెక్క. కరువు, జబ్బు కూడా వలయం వేస్తాయి, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని వయసు తేల్చకండి. అయితే కొమ్ము మొదలు నున్నగా, నూనె రాసి మెరుస్తుంటే, వలయాలు ఎందుకు చెరిపారని అడగాలి.

ఒక ఆవును లెక్కగట్టడం

మూపురం ఉన్న జాతి ఆవు. అమ్మే మనిషి "మూడో ఈత, ఆరేళ్లు" అంటాడు. ముందు ఆ మాటనే తూచి చూద్దాం. ఇలాంటి జాతుల్లో మొదటి ఈత చాలాసార్లు నాలుగేళ్ల దగ్గర వస్తుంది. ఈతకూ ఈతకూ 15 నెలల విరామం అనుకుంటే రెండోది ఐదేళ్ల మూడు నెలలకు, మూడోది ఆరున్నరకు. అంటే ఆయన చెప్పిన ఆరేళ్లకు ఆరు నెలలు ఎక్కువే, అయినా మాటలో పెద్ద లోపం లేదు. ఆ లెక్కన నోట్లో మధ్య జత చదునై, రెండో జత కొంచెం అరిగి, మూడో జత, కడపళ్లు పదునుగా ఉండాలి.

పెదవి దించితే కనిపించింది వేరు. మధ్య జత, రెండో జత పూర్తిగా చదును, మధ్యలో మచ్చ స్పష్టంగా ఉంది. మూడో జత కూడా అంచు పోయి చదునైంది. కడపళ్ల బయటి అంచు మాత్రమే ఇంకా నిలిచి ఉంది. రెండు పక్కలా ఒకే తీరు. పళ్ల మధ్య ఇంకా సందులు లేవు. ఇది ఎనిమిది, తొమ్మిదేళ్ల నోరు. ఎనిమిదిన్నర అనుకుంటే, 15 నెలల విరామంతో నాలుగో ఈత ఏడేళ్ల తొమ్మిది నెలలకే అయ్యుండాలి.

ఇక్కడ ఆగిపోయి 'అబద్ధం చెప్పాడు' అనుకుంటే సగమే తేలినట్టు. రెండు దారులున్నాయి. ఈతలు దాచి వయసు తగ్గించి ఉండవచ్చు, అప్పుడు మీరు కొంటున్నది ఇంకో రెండు మూడు ఈతలే మిగిలిన ఆవు. లేదా మూడో ఈత అన్నది నిజమే కావచ్చు. అదైతే ఇంకా పెద్ద టెన్షన్. ఎనిమిదిన్నరేళ్లలో మూడే ఈతలంటే మధ్యలో ఎక్కడో చూడి నిలవలేదు, లేదా నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. తిరిగి తిరిగి ఎదకు వచ్చే ఆవు పాలు ఎన్ని ఇచ్చినా మేత ఖర్చు మింగేస్తుంది. అందుకే ఆయన్ను వయసు గురించి నిలదీయడం కన్నా, "కిందటి దూడ ఎప్పుడు పుట్టింది, ఎదకు ఎన్నిసార్లు కట్టించారు?" అని అడగడం పనికొస్తుంది. ఆవు నచ్చితే, పశువైద్యుడి చేత గర్భసంచి పరీక్ష చేయించాకే బేరం ముగించండి.

మేక లెక్క

మేకకు ఇదంతా త్వరగా నడుస్తుంది. మధ్య జత ఏడాది దాటాక 12 నుంచి 18 నెలల మధ్య, రెండో జత ఏడాదిన్నర నుంచి రెండేళ్లకు, మూడో జత రెండున్నర, మూడేళ్లకు, నాలుగోది మూడు, నాలుగేళ్ల మధ్య వస్తాయి. ఐదు దాటాక పళ్లు విడివడి, పొడుగై, ఒకటొకటిగా విరుగుతాయి. పొదలు మేసే మేకకూ నేల గీకి మేసే మేకకూ అరుగుదల చాలా తేడాగా ఉంటుంది కాబట్టి నాలుగేళ్ల తర్వాత మేక వయసు ఏళ్లలో చెప్పాలని పట్టుబట్టొద్దు. 'పళ్లు గట్టిగా ఉన్నాయా, విడిపోయాయా, విరిగాయా' అని చూస్తే చాలు.

పెంపకానికైతే ఎక్కువగా రెండు, నాలుగు పళ్ల మేకలు బాగుంటాయి. పిల్లల్ని సాకే బలం వచ్చి ఉంటుంది, ముందు ఈతలూ మిగిలి ఉంటాయి. ముందు పళ్లతో పాటు బుగ్గ బయటి నుంచి దవడ వెంట వేళ్లు జరిపి దవడ పళ్లు తడమండి. గుంట, పదును, వాపు, నొక్కితే నొప్పి ఉంటే ఆ మేక మేత సరిగా నమలలేదు. ముందు పళ్లు బాగున్నా అలాంటి మేక చిక్కిపోతుంది. కింది పళ్లు పై చిగురుకు ఎదురుగా ఆనాలి. దవడ ముందుకో వెనక్కో జరిగి ఉంటే పోతుగా కొనకండి, పిల్లలకూ వస్తుంది.

మిగతా పశువు

నోరు బాగున్నంత మాత్రాన పశువు బాగున్నట్టు కాదు. గుంపులో నిలబడి ఉన్నప్పుడే కాసేపు గమనించండి. నెమరు వేస్తోందా, చెవులు కదులుతున్నాయా, మూతి చెమ్మగా ఉందా, తోక కింద పారుడు అంటుకుని ఉందా చూడాలి. తర్వాత గట్టి నేల మీద పది ఇరవై అడుగులు నడిపించమనండి. కుంటు నడకలోనే బయటపడుతుంది. డెక్కల మధ్య పుండ్లు, నోట్లో మానిన గాయాల మచ్చలు ఉంటే గాలికుంటు వచ్చి పోయిందేమోనని అడగాలి.

పాడి ఆవుకు పొదుగే అసలు సరుకు. సంతకు ముందు ఒకటి రెండు పూటలు పాలు పితక్కుండా వదిలి పొదుగు నింపడం పాత ఎత్తు. అలా నింపిన పొదుగు బిగుసుకుని మెరుస్తుంది, చన్నులు పక్కలకు నిక్కి ఉంటాయి, పాలు బొట్లు బొట్లుగా కారుతుంటాయి, ఆవు కాళ్లు మారుస్తూ నిలకడ లేకుండా ఉంటుంది. సాయంత్రం పిండించి, మర్నాడు పొద్దున మీ కళ్ల ముందే మళ్లీ పిండించి, ఆ రెండో పితుకుడు పాలే లెక్కలోకి తీసుకోండి. నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలు నల్లటి గిన్నెలోకో నల్లగుడ్డ మీదికో పిండి చూడండి. తెల్లటి గడ్డలు, పీచులు, నీళ్లలాంటి పాలు, రక్తపు చార కనిపిస్తే పొదుగు వాపు ఉన్నట్టు. పిండేశాక పొదుగు మెత్తబడాలి. ఒక పక్క గట్టిగా మిగిలితే ఆ చన్ను చాలాకాలం బాధపెడుతుంది.

పక్కనున్న దూడ ఆ ఆవుదేనా? ఇది కూడా అడగాల్సిన ప్రశ్నే. పాత పాల ఆవు పక్కన కొత్త దూడను కట్టి 'ఈని పది రోజులు' అంటారు. దూడను విప్పించి, ఆవు దాన్ని వాసన చూసి నాకుతోందా, పాలకు రానిస్తోందా చూడండి.

మేకలో మొదట చూడాల్సింది కంటి రెప్ప. కింది రెప్ప లోపలి భాగం ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో రక్తం పీల్చే పురుగులు ఎక్కువున్నట్టు. దవడ కింద మెత్తటి నీటి వాపు కూడా ఉంటే పరిస్థితి ముదిరింది. దవడ మూల, భుజం ముందు, తొడ ముందు చేత్తో తడిమి, కోడిగుడ్డంత గడ్డలు ఉన్నాయేమో చూడండి. ఒక మేక గడ్డ పగిలితే చీముతో మందంతా అంటుకునే జబ్బు ఒకటుంది. కళ్లు, ముక్కు నుంచి చీముడు కారుతూ పారుడుతో ఉన్న మేకను, ధర ఎంత తగ్గించినా, మందలోకి తీసుకురాకండి. పోతుకైతే రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. బరువు మీద కొంటుంటే ఎడమ డొక్క నొక్కండి. ఉప్పు పెట్టి నీళ్లు తాగించిన మేక కడుపులో నీళ్లు కదిలే శబ్దం వినిపిస్తుంది, వెన్నెముక పక్కన చెయ్యి పెడితే కండ మాత్రం దొరకదు.

కొన్నాక మూడు, నాలుగు వారాలు కొత్త పశువును విడిగా కట్టండి. నీళ్ల తొట్టి, మేత గంపా వేరుగా ఉండాలి, దాని పని మీ పాత పశువుల పని అయ్యాకే చేయాలి. ప్రయాణపు అలసటతో మొదటి కొద్ది రోజులు పాలు తగ్గడం సహజం, అప్పుడే నిర్ణయానికి రాకండి. ఆ వారాల్లోనే ఒక తీరిక పొద్దున, ఎండ వెలుతురులో పళ్లు మరోసారి చూసి, ఏ జత ఎలా ఉందో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఆరు నెలలకు మళ్లీ చూసి పోల్చుకుంటే, మీ మేత మీద మీ పశువుల పళ్లు ఎంత వేగంగా అరుగుతాయో మీకే తెలుస్తుంది.